సేఫ్టీ డిప్లొమా: టెండరులో ఒక విలువ, గోతి అంచున ఇంకో విలువ

నాలుగైదేళ్లు సైటు సూపర్‌వైజర్‌గా పనిచేసిన కుర్రాడు సేఫ్టీ డిప్లొమా చేద్దామని బయలుదేరితే మొదట అడిగేవి రెండు: ఫీజు ఎంత, చేశాక జీతం ఎంత పెరుగుతుంది? ఈ రెండింటికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. చేతికొచ్చే మార్కుల మెమో మీద ఎవరి పేరు ఉంటుంది? దానికి సరైన జవాబు దొరక్కపోతే ఎంత ఫీజు కట్టినా దండగే. ఎందుకంటే మన దేశంలో సేఫ్టీ డిప్లొమా పేరుతో అమ్ముడయ్యే కాగితాలన్నీ ఒకే రకానివి కావు. పదిహేను రోజుల కోర్సు చివర ఇచ్చేదాన్నీ డిప్లొమా అంటారు, ఏడాది పొడుగునా తరగతుల్లో కూర్చుని బోర్డు పరీక్ష రాస్తే వచ్చేదాన్నీ డిప్లొమా అంటారు. గోడకు తగిలిస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తనిఖీకి వచ్చిన అధికారి బల్ల మీద పెట్టినప్పుడు తేడా తెలుస్తుంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం కింద కేంద్రం 1998లో నియమాలు చేసింది. రాష్ట్రాల నియమాలూ చాలావరకు ఆ నమూనానే అనుసరించాయి. సైటులో సేఫ్టీ ఆఫీసర్‌గా ఎవరిని పెట్టవచ్చో ఆ నియమాల వెనక ఉన్న షెడ్యూలు చెబుతుంది. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే నిర్మాణ పనుల్లో సూపర్‌వైజర్ హోదాలో కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి. పాలిటెక్నిక్ డిప్లొమా అయితే ఐదేళ్లు. దాని మీద గుర్తింపు పొందిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉండాలి, అందులో నిర్మాణ భద్రత ఒక పేపరుగా చదివి ఉండాలి. చివరి షరతు చాలామంది చూడకుండా వదిలేసేది: ఆ సైటులో ఎక్కువమంది కూలీలు మాట్లాడే భాష అతనికి తగినంతగా వచ్చి ఉండాలి.

ఈ షరతులన్నీ కలిపి చదవాలి, ఏ ఒక్కటీ విడిగా చాలదు. ఇంటర్ పాసై, ఇంజినీరింగ్ ఏదీ చదవకుండా నేరుగా సేఫ్టీ డిప్లొమా చేసినవాళ్లు ఊరికి పదిమంది కనిపిస్తారు. హెల్మెట్లు లెక్కపెట్టే స్టివార్డుగా, సేఫ్టీ అసిస్టెంటుగా వాళ్లకు పని దొరుకుతుంది. సేఫ్టీ ఆఫీసర్ కుర్చీ మాత్రం దొరకదు, ఎందుకంటే కింద ఉండాల్సిన ఇంజినీరింగ్ మెట్టు లేదు. ఈ సంగతి చేర్చుకునేటప్పుడు ఏ ఇన్‌స్టిట్యూటూ చెప్పదు. ఇంకొంతమందికి ఇంజినీరింగ్ ఉంది, అనుభవం ఉంది, సేఫ్టీ డిప్లొమా కూడా బోర్డుదే, కానీ ఐచ్ఛికంగా తీసుకున్న పేపరు రసాయన పరిశ్రమల భద్రత. ఫార్మా కంపెనీకి అతను బంగారంలా పనికొస్తాడు. అపార్టుమెంటు సైటుకు మాత్రం నిర్మాణ భద్రత పేపరు ఏదని అడిగితే జవాబు ఉండదు.

నికరమైన కాగితం ఎక్కడ దొరుకుతుందనేది అంత రహస్యమేమీ కాదు. కేంద్ర కార్మిక శాఖ కింద డీజీఫాస్లీ అనే సంస్థ ఉంది. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లు దాని చేతుల్లో నడుస్తాయి. అక్కడ ఏడాది పాటు సాగే అడ్వాన్స్‌డ్ డిప్లొమాకి ఆ రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డే పరీక్ష పెట్టి మెమో ఇస్తుంది. మనవాళ్లకు దగ్గరది చెన్నై. ఇవి కాక ఆయా రాష్ట్రాల సాంకేతిక విద్యా బోర్డుల అనుమతితో, విశ్వవిద్యాలయాల అనుబంధంతో నడిచే కోర్సులూ ఉన్నాయి. ప్రైవేటు సంస్థ కదా అని వాటిని తీసిపారేయనక్కర్లేదు. చూడాల్సింది పరీక్ష ఎవరు పెడుతున్నారు, హాల్ టికెట్ నంబరు కొడితే ఫలితం బోర్డు దగ్గర కనిపిస్తుందా అన్నదే. ఇంకో చిన్న గుర్తు: చేర్చుకునేటప్పుడు మీ ఇంజినీరింగ్ సర్టిఫికెట్టు, అనుభవ పత్రం అడగకుండా ఆధార్ కార్డు, డబ్బులు మాత్రమే అడిగితే అది మీకు కావలసిన డిప్లొమా కాదు.

గల్ఫ్ దారి పట్టేవాళ్లు నెబోష్ గురించి అడుగుతారు. అది 1979లో బ్రిటన్‌లో మొదలైన పరీక్షా సంస్థ. దాని ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌లో ఒక భాగం పుస్తకాలు చూసి రాసే పరీక్ష, రెండో భాగం నిజమైన పనిచోటును తీసుకుని ప్రమాదాల అంచనా రాసివ్వడం. దుబాయ్, దోహా, రియాద్ కాంట్రాక్టర్లు దీన్ని బాగా గుర్తిస్తారు. మంచి పరీక్షే, కానీ పేరులోనే ఉన్నట్టు అది సర్టిఫికెట్, డిప్లొమా కాదు. హైదరాబాద్ సైటులో చట్టం అడిగే ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా స్థానంలో దాన్ని చూపించి గట్టెక్కలేరు. ఓషా ముప్పై గంటల కార్డు సంగతి ఇంకా తేలిక. అది శిక్షణ మాత్రమే, అర్హతా పత్రం కాదని అమెరికా ఓషాయే చెబుతుంది. మన దగ్గర ఆ కార్డును ఫ్రేము కట్టించుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇక్కడ ఒక తికమకను విడదీయాలి. సూపర్‌వైజర్ వేరు, సేఫ్టీ ఆఫీసర్ వేరు. పని ఎలా సాగాలో మేస్త్రీకి, కూలీలకు చెప్పేవాడు సూపర్‌వైజర్. ఆ పనిలో ప్రమాదం ఎక్కడుందో చూసి యాజమాన్యానికి సలహా ఇచ్చేవాడు సేఫ్టీ ఆఫీసర్. డిప్లొమా రెండోవాడికి చట్టం పెట్టిన అర్హత. మరి మొదటివాడు ఎందుకు చేస్తున్నాడు? ఎక్కువమంది ఆ కుర్చీలోకి మారడానికే. మారకుండా సూపర్‌వైజర్‌గానే ఉండిపోయేవాడికి దానివల్ల చట్టప్రకారం కొత్త హోదా ఏదీ రాదు. వచ్చే లాభం పనిలో ఉంటుంది, అది కూడా కాంట్రాక్టరు రానిస్తేనే.

కాంట్రాక్టరు దీన్ని రెండు చోట్ల విలువ కడతాడు. మొదటిది టెండరు. పెద్ద పనుల ఒప్పందాల్లో సేఫ్టీ ఆఫీసర్ పేరు, చదువు, అనుభవం ఇచ్చి క్లయింటు ఆమోదం తీసుకోవాలనే షరతు ఉంటుంది. ఆ అర్హతలున్న మనిషి దొరక్కపోతే బిల్లు ఆగుతుంది. అందుకే ఆ కాగితానికి డిమాండు. పాత చట్టంలో 500 మంది, అంతకంటే ఎక్కువ నిర్మాణ కార్మికులుంటేనే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ దాన్ని 250కి దించింది. నగరం శివార్లలో నాలుగైదు టవర్లు లేపే మామూలు బిల్డరు కూడా స్లాబులు జోరుగా పడే నెలల్లో ఆ సంఖ్య దాటేస్తాడు. ఇంతకాలం ఈ గొడవ పెద్ద కంపెనీలదే అనుకున్నవాళ్లు ఇప్పుడు మనుషుల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

వెతికినప్పుడు వాళ్లకు తట్టే చవకైన ఉపాయం ఒకటుంది. ఉన్న సూపర్‌వైజర్లలో ఎవరికి డిప్లొమా ఉందో చూసి, అతని పేరే సేఫ్టీ ఆఫీసర్‌గా రాసేయడం. పొద్దున్నే స్లాబు పని చూస్తాడు, సాయంత్రం సేఫ్టీ రిజిస్టరు రాస్తాడు, జీతం ఒకటే. ఇది నిబంధనకు విరుద్ధం. సేఫ్టీ ఆఫీసర్ బాధ్యతలకు సంబంధం లేని, వాటికి అడ్డొచ్చే పనిని అతనితో చేయించకూడదని అదే షెడ్యూలులో రాసి ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. ఈ రోజు కాంక్రీటు పోయించకపోతే మాటపడేదీ అతనే, సెంట్రింగు సరిగా లేదని కాంక్రీటు ఆపాల్సిందీ అతనే అయితే ఏది గెలుస్తుందో సైటులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

రెండో చోటు గోతి అంచు. అక్కడ ఆ చదువు ఎలా పనికొస్తుందో, ఎలా పనికిరాకుండా పోతుందో ఒక పనిని తీసుకుని లెక్క వేసి చూద్దాం. కాలనీలో ఇరవై అడుగుల రోడ్డు, అంటే ఆరు మీటర్లు. దాని మధ్యలో 60 మీటర్ల పొడవున మురుగు పైపు వేయాలి. లోతు 2.4 మీటర్లు, దాదాపు ఎనిమిది అడుగులు. డ్రాయింగులో వెడల్పు ఒక మీటరు. నేల నల్లరేగడి. జేసీబీ వచ్చింది, పొద్దున్నుంచి తవ్వుతోంది, తవ్విన మట్టిని పక్కనే గుట్టగా పోస్తోంది. సాయంత్రానికి నలుగురు కూలీలు దిగి అడుగు చదును చేసి పైపులు దించాలి. ఇలాంటి పనులు ఏ రోజు చూసినా మన ఊళ్లలో కనిపిస్తూనే ఉంటాయి.

ప్రభుత్వ పనుల ఒప్పందాలకు జతచేసే సీపీడబ్ల్యూడీ భద్రతా నియమావళిలో దీని గురించి ఉన్నది నాలుగైదు వాక్యాలే. లోతు 1.2 మీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రతి 30 మీటర్లకో, అందులో భాగానికో ఒక నిచ్చెన ఉండాలి. నిచ్చెన అడుగునుంచి మొదలై పైన నేలకంటే కనీసం 90 సెంటీమీటర్లు ఎత్తుకు రావాలి. లోతు 1.5 మీటర్లకు చేరితే గోడల్ని వాలుగా గానీ మెట్లుగా గానీ కోయాలి, లేదా చెక్కలతో ఆసరా ఇవ్వాలి. తవ్విన మట్టి అంచుకు 1.5 మీటర్లు గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. గోడను కిందినుంచి తొలిచి పైభాగం కూలేలా చేయడం ఏ పరిస్థితిలోనూ కూడదు.

డిప్లొమా చదివినవాడికి ఈ వాక్యాలు నోటికొస్తాయి. సూపర్‌వైజర్‌కి కావలసింది వాటిని ఈ రోడ్డు మీద పరిచి చూడగలగడం. లోతులో సగం 1.2 మీటర్లు, కాబట్టి 1.5 మీటర్ల దూరమే లెక్క. సరే, మట్టి ఎంత? ఒక మీటరు పొడవుకు 2.4 ఘనపు మీటర్లు. తవ్వగానే మట్టి వదులై పొంగుతుంది, పావువంతు పెరిగిందనుకుంటే మూడు ఘనపు మీటర్లు. దాన్ని గుట్ట పోస్తే అడుగు భాగం సుమారు నాలుగు మీటర్ల వెడల్పు, ఎత్తు మనిషి ఛాతీకంటే పైకి. దానికి 1.5 మీటర్ల ఖాళీ కలిపితే గోతి పక్కన ఐదున్నర మీటర్ల జాగా కావాలి. ఉన్నది? ఆరు మీటర్ల రోడ్డులో ఒక మీటరు గొయ్యి పోతే ఒక్కో పక్క రెండున్నర మీటర్లు.

అంటే ఆ నిబంధనను ఈ రోడ్డులో మట్టి పక్కన పోస్తూ పాటించడం అసాధ్యం. ఇక్కడ తప్పు మేస్త్రీ నిర్లక్ష్యం కాదు, కూలీ తెలియనితనం కూడా కాదు. మట్టిని ఎక్కడికి తరలించాలి, ఎన్ని ట్రాక్టర్లు పెట్టాలి అని అంచనా వేసిన రోజున ఎవరూ అడగలేదు. మొత్తం మట్టి 180 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున 60 ట్రిప్పులు, మళ్లీ పూడ్చడానికి కొంత వెనక్కి తెచ్చే ట్రిప్పులు అదనం. ఆ కిరాయి ఎస్టిమేటులో లేదు. లేదు కాబట్టి మట్టి అంచునే ఉంది. ప్రమాదం జరిగాక రాసే నివేదికల్లో ఈ ట్రాక్టరు కిరాయి సంగతి ఎప్పుడూ కనపడదు, కూలీ హెల్మెట్ పెట్టుకోలేదన్న మాట మాత్రం తప్పక ఉంటుంది. ఎనిమిది అడుగుల గోడ మీద పడ్డప్పుడు హెల్మెట్ ఏం చేస్తుందో ఆ నివేదిక రాసినవాళ్లే చెప్పాలి.

గోడ ఎందుకు కూలుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే నల్లరేగడి మనిషిని మోసం చేస్తుంది. అప్పుడే కోసిన గోడ కత్తితో కోసినట్టు నిటారుగా, నున్నగా నిలబడుతుంది. గట్టి నేలే కదా, చెక్కలెందుకు అని మేస్త్రీ అంటాడు. ఆ బిగువు కొద్ది గంటలదే. గాలి తగిలి గోడ ఎండుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అంచుకు కాస్త దూరంలో, గోతి పొడవునా సమాంతరంగా ఒక సన్నటి చీలిక కనిపిస్తుంది. ఆ చీలికకు ఇవతల ఉన్న మట్టి అప్పటికే వెనకనున్న నేలనుంచి విడిపోయిందని అర్థం. రాత్రి వాన పడితే నీళ్లు ఆ చీలికలోకే దిగుతాయి. అడుగున గోడ కొద్దిగా ఉబ్బడం, ఊట రావడం, పిడికెడు పిడికెడు పెళ్లలు రాలడం తరువాతి గుర్తులు. అంచున గుట్ట బరువు, పక్కనే జేసీబీ అదురు, పూడిక పాత తవ్వకం ఉంటే అది, ఇవన్నీ గడువును ఇంకా కుదిస్తాయి.

కూలేది కొంచెమే అనుకోవద్దు. మూడు మీటర్ల పొడవు, గోతి ఎత్తంతా, అరమీటరు మందం ఉన్న చెక్కు ఊడితే అది 3.6 ఘనపు మీటర్లు, సుమారు ఆరు టన్నులు. ఛాతీ దాకా కూరుకున్న మనిషి తల బయటే ఉన్నా ఊపిరి తీసుకోలేడు, ఎందుకంటే ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది. కంగారులో జేసీబీతో తీయబోతే ప్రాణం పోయే ప్రమాదమే ఎక్కువ. తోటి కూలీ కాపాడదామని దూకితే రెండో చెక్కు అతని మీద పడుతుంది.

చదువున్న సూపర్‌వైజర్ ఈ పనిని ఎలా మారుస్తాడు? 60 మీటర్లు ఒకేసారి తెరవడు. పదిహేను మీటర్లు తవ్వి, పైపు వేసి, పూడ్చి, తరువాతి పదిహేనుకు వెళతాడు. అప్పుడు ఒక్కోసారి బయటికొచ్చే మట్టి 45 ఘనపు మీటర్లే, పదిహేను ట్రిప్పులు. రెండో ముక్క మట్టితో మొదటి ముక్క పూడిస్తే దూరం తోలే పనీ తగ్గుతుంది. ప్రతి ముక్కకూ ఒక నిచ్చెన చాలు. లోతు 2.4, పైన 0.9 కలిపితే నిలువు ఎత్తు 3.3 మీటర్లు, నాలుగుకు ఒకటి చొప్పున వాలు పెడితే నిచ్చెన పొడవు 3.4 మీటర్లు రావాలి. సైటులో పదడుగుల నిచ్చెన ఉంటే అది చాలదని ఈ లెక్కే చెబుతుంది. గోడలకు నిలువు చెక్కలు, వాటిని పట్టుకునే అడ్డ దూలాలు, రెండు పక్కల మధ్య బిగించే అడ్డు కర్రలో జాకీలో పెట్టాలి. పైనుంచి కిందికి బిగిస్తూ రావాలి, తీసేటప్పుడు కిందినుంచి పైకి. బిగించని భాగంలోకి మనిషి అడుగు పెట్టకూడదు.

ఇక్కడ ఇంకో చిక్కు బయటపడుతుంది. చెక్కలు, దూలాలు రెండు పక్కలా కలిపి ముప్పై సెంటీమీటర్లు తినేస్తాయి. డ్రాయింగులోని ఒక మీటరు వెడల్పులో మిగిలేది డెబ్భై. అందులో మనిషి వంగి పైపు కాలరు బిగించలేడు. కాబట్టి వెడల్పు 1.3 మీటర్లు తవ్వాలి. డిపార్టుమెంటు కొలత పుస్తకంలో మీటరు వెడల్పుకే డబ్బు ఇస్తే ఆ అదనపు తవ్వకం ఎవరి జేబులోంచి వస్తుంది? డిప్లొమా విలువ తేలే అసలు చోటు ఇదే. ఈ ప్రశ్నను పని మొదలయ్యే వారం ముందు ప్రాజెక్టు మేనేజరుకి రాతపూర్వకంగా పంపినవాడు తన చదువును వాడుకున్నాడు. గోతి దగ్గర నిలబడి కూలీల చేత భద్రతా ప్రతిజ్ఞ చేయించినవాడు వాడుకోలేదు.

తనిఖీ అధికారి వచ్చినప్పుడు దేన్ని చూస్తాడు? కొత్త కోడ్‌లో అతని పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. డిప్లొమా కాగితం అతని చూపులో రెండు నిమిషాల పని. బోర్డు పేరు, నిర్మాణ భద్రత పేపరు, అనుభవ పత్రంలో సూపర్‌వైజర్ హోదా అని ఉందా లేదా, నియామక ఉత్తర్వు తేదీ చూస్తాడు. నియామకం తనిఖీకి ముందు వారంలోనే జరిగి ఉంటే అక్కడే కనుబొమ్మ పైకి లేస్తుంది. అర్హత ఉంటే ఒక లోపం తగ్గింది, అంతే. దానివల్ల మిగిలినవేవీ మాఫీ కావు.

తరువాత రిజిస్టర్లు. రోజూ పనికి ముందు కూలీలతో మాట్లాడే టూల్‌బాక్స్ టాక్‌కి ఒక పుస్తకం ఉంటుంది. నెల రోజుల పేజీలు ఒకే పెన్నుతో, ఒకే వాలు చేతిరాతతో, వేలిముద్రలు ప్రతిరోజూ అదే వరుసలో ఉంటే అది ఒకే కూర్చుపులో తయారైందని చెప్పడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. అనుభవమున్న అధికారి పక్కనే మస్టర్ రోల్ తెరిపిస్తాడు. మూడో తారీఖున సెలవులో ఉన్న మనిషి మూడో తారీఖు టాక్‌లో సంతకం పెడితే ఆ పుస్తకం మొత్తం చెల్లని చెక్కు. వాన కురిసిన రోజున అంశం వడదెబ్బ అని ఉండటం కూడా కద్దు. త్రుటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరులో ఆరు నెలలుగా సున్నా ఉంటే యాజమాన్యం గర్వంగా చూపిస్తుంది. వందలమంది పనిచేసే చోట ఆరు నెలల్లో ఒక్క ఇటుకా జారిపడలేదంటే, జారినవి ఎవరూ రాయలేదని అర్థం.

మన గోతి విషయానికొస్తే, తవ్వకం పర్మిట్‌లో వాన తరువాత మళ్లీ చూసిన సంతకం ఉందా అని అడుగుతాడు. సంతకం ఉంటే సమయం ఎంత? కూలీలు దిగిన తరువాతి సమయమైతే అది లేనట్టే. ఆపైన గోతి దగ్గరికి వెళ్లి ఒక కూలీని పిలిచి, ఇది కూలితే నువ్వు ఎటునుంచి బయటికొస్తావు అని అడుగుతాడు. కూలీ నిచ్చెన వైపు చేయి చూపితే మాట్లాడిన టాక్ నిజం. జేసీబీ బకెట్ వైపు చూపితే రోజూ దాంట్లోనే దిగుతున్నారని తెలిసిపోతుంది.

భాష షరతు ఇక్కడే పనికొస్తుంది. మన సైటుల్లో తవ్వకం, సెంట్రింగు, రాడ్ బెండింగు చేసేవాళ్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తెలుగులో చక్కగా ఉపన్యాసం ఇచ్చే సేఫ్టీ ఆఫీసర్ మాట వాళ్లలో సగంమందికి చేరదు. మేస్త్రీ ద్వారా చెప్పిస్తాం అంటారు. మేస్త్రీకి పని తొందర, పది వాక్యాలు అతని నోట్లో ఒకటైపోతాయి. పనికి సరిపడా హిందీ, కొద్దిగా ఒడియా వచ్చిన సూపర్‌వైజర్‌ను ఇంటర్వ్యూలో యాజమాన్యాలు ప్రత్యేకంగా గుర్తించడం లేదు. గుర్తించాలి, చట్టం కూడా అదే అడుగుతోంది.

ప్రమాదం ముంచుకొస్తోందని తోస్తే అధికారి రాతపూర్వకంగా పని ఆపించగలడు. సమస్య ఏమిటంటే అన్ని గోతుల దగ్గరికీ అతను రాలేడు, వచ్చేసరికి చాలావరకు పని పూర్తయి ఉంటుంది. అతను చూసేది ఎక్కువగా గతం రాసుకున్న కాగితాలనే. అందుకే ఆ కాగితాల్లో అతనికి విలువైనది అంతా బాగుందన్న పేజీ కాదు, ఫలానా రోజు ఫలానా కారణంతో పని ఆపాము, ఇది మార్చాక మొదలుపెట్టాము అన్న పేజీ. అలాంటివి ఏడాదిలో నాలుగైదు ఉన్న సైటును అతను నమ్ముతాడు.

మనిషి చనిపోయాక ఆ పేజీల విలువ ఇంకో రకం. కొత్త కోడ్ ప్రకారం యాజమాన్యం విధుల్లో లోపం వల్ల మరణం జరిగితే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. డిప్లొమా ఉన్నవాణ్ని నియమించాం కాబట్టి మా బాధ్యత తీరిందనే వాదన నిలవదు, ఎందుకంటే సేఫ్టీ ఆఫీసర్ సలహా ఇచ్చేవాడే తప్ప యజమాని కాదు. కానీ పోలీసులు పెట్టే కేసు దారి వేరు. నిర్లక్ష్యం వల్ల మరణమని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ రాసినప్పుడు అందులో మొదట ఎక్కే పేర్లలో సైటు సూపర్‌వైజర్‌ది ఒకటి. ఆ సెక్షన్‌లో శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. తెలియదు అని చెప్పుకునే వీలు డిప్లొమా ఉన్నవాడికి మరీ తక్కువ. చదువుకున్నావు, లోతు ఎంతో తెలుసు, చెక్కలు పెట్టాలని తెలుసు, మరి ఎందుకు దించావు అని అడుగుతారు.

అప్పుడు పనికొచ్చేది ట్రాక్టర్ల కోసం, వెడల్పు కోసం మేనేజరుకి పంపిన ఆ ఉత్తరం. నోటిమాటగా చెప్పాను సార్ అంటే ఆధారం కాదు. మెయిల్ అయితే తేదీ ఉంటుంది. సైటు ఆర్డరు పుస్తకంలో రాస్తే పేజీ నంబరు ఉంటుంది. వాట్సాప్‌లో పంపినా పంపకపోవడం కంటే మేలే, కాకపోతే ఫోను మారిందని తరువాత ఏడవకుండా దాచుకోవాలి. పట్టించుకోలేదని తెలిసీ కూలీలను దింపితే ఆ ఉత్తరమే ఎదురు సాక్ష్యం అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. రాసి ఊరుకుంటే చాలదు, దించకుండా ఆపాలి.

మంచి కంపెనీల్లో సేఫ్టీ విభాగం పెద్దలు ఇంటర్వ్యూలో మార్కుల మెమోను పక్కన పెట్టి దీని గురించే అడుగుతారు. ఎప్పుడైనా పని ఆపించావా? ఎంతసేపు ఆగింది? ఏం మారాక మళ్లీ మొదలైంది? మొదటి ప్రశ్నకు అవునని అందరూ చెబుతారు. రెండోదానికి కొందరు తడబడతారు. మూడోదానికి జవాబు చెప్పాలంటే అక్కడ నిలబడి ఉండాలి: ఎన్ని చెక్కలు వచ్చాయి, ట్రాక్టరు ఎవరు పంపారు, మేనేజరు ఏమన్నాడు, ఆ రోజు కూలీలకు పని ఆగిన గంటల డబ్బు ఇచ్చారా లేదా. ఈ చివరి సంగతి అభ్యర్థి తనంతట తాను ఎత్తితే అడిగేవాళ్లు తలెత్తి చూస్తారు. పని ఆపితే కూలి పోతుందని తెలిసిన కూలీ రెండోసారి చీలిక కనిపించినా నోరు విప్పడు.